పండగ దాటిన పార్సిల్‌కు ఓ ఉత్తరం

2014 అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ తన మొదటి ‘బిగ్ బిలియన్ డే’ పెట్టింది. దసరా వెళ్ళి మూడు రోజులైంది, దీపావళికి ఇంకా రెండు వారాలకు పైగా ఉంది. పది గంటల్లో పది కోట్ల డాలర్ల సరుకు, అంటే దాదాపు ఆరు వందల కోట్ల రూపాయలది, అమ్మామని కంపెనీ ప్రకటించింది. కొన్నవాళ్ళు, కొనబోయినవాళ్ళు చెప్పుకున్న కథ మాత్రం వేరు. చాలామందికి సైటే తెరుచుకోలేదు. తెరుచుకున్నవాళ్ళకు కళ్ళముందే సరుకు అయిపోయింది. ఎలాగో ఆర్డరు పెట్టినవాళ్ళలో కొందరికి అది రద్దయిందని కబురొచ్చింది. రోజంతా ట్విటర్‌లో తిట్లే తిట్లు. మర్నాడు, అక్టోబర్ 7న, సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ పేర్లతో కస్టమర్లకు ఒక ఈమెయిల్ వెళ్ళింది.

మన దేశంలో పండగ అమ్మకాల మీద వచ్చిన క్షమాపణ ఉత్తరాల్లో ఇంత పనితనం ఉన్నది నాకు మరొకటి కనిపించలేదు. ఏళ్ళు గడిచాక తీరిగ్గా చదివినా దాని కట్టు వదల్లేదు.

మొదట దాని వరస చూడండి. నిన్న మాకు పెద్ద రోజు, మీకు మాత్రం బాగా గడవలేదని మాకు తెలుసు, ఇచ్చిన మాట నిలబెట్టుకోలేదు, క్షమించండి. మొదటి పేరాలోనే ఈ పని అయిపోతుంది. అమ్మకం ఎంత జరిగిందన్న గొప్ప, ఎంత కష్టపడ్డామన్న సంజాయిషీ అన్నీ దాని తర్వాతే. సాధారణంగా ఇలాంటి ఉత్తరాలు తలకిందులుగా ఉంటాయి. ముందు మీ ఆదరణకు ధన్యవాదాలంటారు, తర్వాత ఊహించని రద్దీ అంటారు, చివరికి వెనకటి దూరదర్శన్ తెర మీద అట్ట పెట్టినట్టు ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అని ముగిస్తారు. అంతరాయం ఎవరిదో, చింత ఎవరిదో తెలియదు.

రెండో గుణం ఇంకా అరుదు. తప్పులన్నిటినీ ఒకే మూటలో కట్టలేదు. ధరలు మారడం, సరుకు అయిపోవడం, ఆర్డర్లు రద్దవడం, సైటు మొరాయించడం అని నాలుగు శీర్షికలు పెట్టి, ఒక్కోదానికి విడివిడిగా జవాబు చెప్పారు. అందులోనూ మొదట పెట్టింది ధరల సంగతి. నాలుగింటిలో పరువు తీసేది అదే. సరుకు అయిపోతే ‘గిరాకీ అంత ఉంది’ అని సరిపెట్టుకోవచ్చు. సేల్‌కు సిద్ధమవుతుండగా కొన్ని వస్తువుల ధరలు కొన్ని గంటలపాటు తగ్గింపు లేని రేటుకు మారాయంటే, కొనేవాడికి అది మోసంలాగే కనిపిస్తుంది. ఆ మాటను వాళ్ళే ముందు పెట్టి, ఇది కస్టమర్లు మామీద పెట్టుకున్న నమ్మకాన్ని దెబ్బతీసిందని ఒప్పుకున్నారు. కోపంగా ఉన్నవాడు ఉత్తరం తెరిచి మొట్టమొదట వెతికేది తన ఫిర్యాదునే. అది నాలుగో పేరాలో ఉంటే అక్కడిదాకా చదవడు.

మూడోది నాకు బాగా నచ్చిన చోటు. దాదాపు అయిదు వేల సర్వర్లు పెట్టామని, మామూలుకు ఇరవై రెట్ల రద్దీకి సిద్ధపడ్డామని అందులో రాశారు. ఇంకొకరి చేతిలో ఇది సాకు అయ్యేది, ఇంత చేసినా మీరే ఎక్కువమంది వచ్చారన్నట్టు ఉండేది. వీళ్ళు మాత్రం అంత పెద్ద కార్యక్రమానికి తగినట్టు మేం సిద్ధం కాలేదని కూడా చెప్పారు. జనం వెల్లువెత్తడం వాళ్ళ తప్పు కాదు. ఎంత వెల్లువ వస్తుందో అంచనా కట్టడం మాత్రం వాళ్ళ పనే. తమ చేతిలో లేని దానికి కాకుండా, తమ చేతిలో ఉన్న దానికే క్షమాపణ అడిగారు. ఈ గీత దగ్గరే చాలా ఉత్తరాలు తడబడతాయి. వానకు క్షమాపణ చెప్పేవాడు అబద్ధాలకోరులా కనిపిస్తాడు, వాన మీదకు నెట్టేవాడు తప్పించుకు తిరిగేవాడిలా కనిపిస్తాడు.

మరుసటి ఏడాది ఆ సేల్‌ను ఒక్కరోజులో కుక్కకుండా అక్టోబర్ 13 నుంచి 17 దాకా అయిదు రోజులకు పరిచారు, రోజుకు కొన్ని రకాల సరుకు చొప్పున. ఉత్తరంలో ఇకమీద బాగా ప్లాన్ చేస్తామని అన్న మాటకు కొనసాగింపు ఆ క్యాలెండర్‌లో కనిపించింది.

అయితే ఆ ఉత్తరానికి ఒక కొరత ఉంది. అది అందరికీ ఒకే ఉత్తరం. రద్దయిన ఫోను కోసం ఎదురుచూసినవాడికీ, అనుకున్న ధరకు మిక్సీ దొరికి సంతోషంగా ఉన్నవాడికీ అదే కాగితం. ‘నా ఆర్డరు సంగతేంటి’ అన్న ప్రశ్నకు దాంట్లో జవాబు దొరకదు. సైటు మొరాయించినప్పుడు దెబ్బ అందరికీ ఒక్కలా తగులుతుంది కాబట్టి అలాంటి ఉత్తరం చెల్లింది. పార్సిల్ ఆలస్యమైనప్పుడు చెల్లదు. ఆలస్యం ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది.

దానికి ముందటి ఏడాది, 2013 క్రిస్మస్‌కు అమెరికాలో జరిగింది ఈ రెండో రకం. వాతావరణం బాగాలేదు, దానికి తోడు ఆన్‌లైన్ దుకాణాలు చివరి ఘడియ దాకా ‘పండగకల్లా ఇస్తాం’ అని ఆర్డర్లు తీసుకుంటూ పోయాయి. తమ శక్తికి మించి పార్సిళ్ళు వచ్చాయని కొరియర్ కంపెనీ యూపీఎస్ ఒప్పుకుంది. క్రిస్మస్ చెట్టు కింద ఉండాల్సిన కానుకలు గోదాముల్లో మిగిలాయి. అమెజాన్ దెబ్బతిన్న కస్టమర్లకు రవాణా ఛార్జీ వెనక్కిచ్చి, ఇరవై డాలర్ల గిఫ్ట్ కార్డు కూడా ఇచ్చింది. ఆ సంగతి చెప్పిన ఉత్తరం మాటల్లో గొప్ప పనితనం ఏమీ లేదు. ఎవరికి దెబ్బ తగిలిందో వాళ్ళను జాబితా నుంచి ఏరడంలో ఉంది అసలు పని. ఫ్లిప్‌కార్ట్ ఉత్తరంలోని వాక్యాలు, అమెజాన్ ఉత్తరం వెనకున్న జాబితా, రెండూ ఒకచోట కలిస్తే బాగుండునని నాకెప్పుడూ అనిపిస్తుంది.

అలా కలిపి చూడటానికి మన మేడ్చల్‌నే తీసుకుందాం. కొంపల్లి దాటి గుండ్లపోచంపల్లి, కండ్లకోయ మీదుగా మేడ్చల్ దాకా రోడ్డుకు అటూ ఇటూ రేకుల గోదాములు ఎన్నో. నిజామాబాద్, నిర్మల్, ఆదిలాబాద్ వైపు వెళ్ళే సరుకు ఇక్కణ్ణుంచి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతుంది. తూర్పున శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి సిద్దిపేట, కరీంనగర్‌లకు దారి. 2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కుండపోత కురిసింది. కామారెడ్డి దగ్గర హైవే దెబ్బతిని రాకపోకలు ఆగాయి. ఆదిలాబాద్ వైపు వెళ్ళే బళ్ళను మేడ్చల్ దగ్గరే మళ్ళించి సిద్దిపేట, కరీంనగర్, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్‌కు పొమ్మన్నారు. నేరుగా పోయే దారికంటే అది వంద కిలోమీటర్లకు పైగా చుట్టు.

ఇక్కడొక చిన్న వ్యాపారాన్ని ఊహించుకుందాం. మండపాలకు సీరియల్ బల్బులు, పాలవెల్లి కట్టే సామాను, పిల్లల బట్టలు అమ్ముతారు. ఆర్మూర్, నిర్మల్ వైపు నూట నలభై ఆర్డర్లున్నాయి. పండగ ఉదయానికల్లా ఇస్తామని 26 సాయంత్రం దాకా ఆర్డర్లు తీసుకున్నారు, బండి రాత్రి బయల్దేరింది. 28 సాయంత్రం ఓనరు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఉత్తరం రాయాలి. మొదటి వాక్యం ఇంకా తట్టలేదు. మంచిదే, ముందు తట్టకూడదు కూడా.

ఎందుకంటే ట్రాకింగ్ స్క్రీన్ మీద నూట నలభై ఆర్డర్లకూ ఒకే మాట కనిపిస్తోంది, `In Transit`. అది నిజం కాదు. స్కాన్ పడిన చివరి చోటును బట్టి కంప్యూటర్ ఆ మాట చూపిస్తుంది, ఆ తర్వాత పార్సిల్‌కు ఏమైందో దానికి తెలియదు. డ్రైవర్‌కు, ఆర్మూర్ హబ్‌కు, గోదాము సూపర్‌వైజర్‌కు ఫోన్లు చేస్తే అసలు సంగతి బయటపడుతుంది. ముప్పై పార్సిళ్ళు అంతకుముందు బండిలోనే ఆర్మూర్ చేరి, వానకు పంచేవాళ్ళు రాక హబ్‌లో ఉన్నాయి. యాభై రామాయంపేట దగ్గర ఆగిన బండిలో ఉన్నాయి. మిగతా అరవై గోదాము గుమ్మం దాటనేలేదు. మూడింటికీ మూడు వేర్వేరు తేదీలు వస్తాయి. హబ్‌లో ఉన్నదానికి రెండు రోజులు చాలు. బండిలో ఉన్నది వెనక్కి తిరిగి చుట్టుదారిన పోవాలి. గోదాములో ఉన్నదాన్ని పంపాలా వద్దా అన్నదే ముందు తేల్చుకోవాలి.

దాని మీద ఇంకో చీలిక పడుతుంది. పండగ సరుకంతా ఒక రకం కాదు. పాలవెల్లి సామాను చవితి పూజ అయిపోగానే పనికిరాదు. దాన్ని ఇప్పుడు ఇంటికి పంపడమంటే కస్టమర్‌కు కోపం గుర్తుచేయడమే. ఆర్డరు మనమే రద్దుచేసి, అడక్కముందే మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వాలి. పిల్లల బట్టలు పండగకు అందలేదన్న బాధే గానీ తర్వాతైనా వేసుకుంటారు. సీరియల్ బల్బుల సంగతి మధ్యరకం. ఆ ఏడు నిమజ్జనం సెప్టెంబర్ 6. పదకొండు రోజులు వినాయకుణ్ణి నిలబెట్టే మండపానికి సోమవారం వచ్చినా లైట్లు అక్కరకొస్తాయి. మూడో రోజే నిమజ్జనం చేసే ఇంటికి అక్కర్లేదు. ఏ ఇంట్లో ఎన్ని రోజులో మనకు తెలియదు కాబట్టి అక్కడ నిర్ణయం కొన్నవాళ్ళకే వదలాలి.

జాబితా ఇలా విడిపోయాక ఉత్తరం దానంతటదే కదులుతుంది. బండిలో ఇరుక్కున్న బల్బుల వాళ్ళకు రాసేది ఇలా ఉండొచ్చు:

విషయం: మీ సీరియల్ బల్బులు చవితికి అందలేదు. సోమవారం వస్తాయి, వద్దంటే డబ్బు వెనక్కి

నమస్కారం. చవితి ఉదయానికల్లా ఇస్తామన్న సీరియల్ బల్బులు మీకు ఇవ్వలేకపోయాం. క్షమించండి. పండగ ముందు రోజు సాయంత్రం దాకా ఆర్డర్లు తీసుకుని తెల్లారేసరికి ఇస్తామనడం మా తప్పు. దారిలో ఏ చిన్న ఆటంకం వచ్చినా తట్టుకునే వ్యవధి మేం పెట్టుకోలేదు.

మీ పార్సిల్ ఉన్న బండి వాన వల్ల రామాయంపేట దగ్గర ఆగింది. ఇవాళ దాన్ని వెనక్కి తిప్పి సిద్దిపేట, కరీంనగర్, జగిత్యాల మీదుగా పంపుతున్నాం. సెప్టెంబర్ 1, సోమవారం సాయంత్రంలోపు మీకు అందుతుంది.

డెలివరీ ఛార్జీ 60 రూపాయలు మీరు కట్టిన ఖాతాకే ఈరోజు వెనక్కి పంపాం. దానికి మీరేమీ చేయనక్కర్లేదు. అప్పటిదాకా ఆగడం కుదరకపోతే ఈ మెయిల్‌కు ‘వద్దు’ అని జవాబివ్వండి, మొత్తం డబ్బు తిరిగిస్తాం. ఈలోపు పార్సిల్ మీ ఇంటికి వస్తే తీసుకోకుండా పంపేయండి, మిగతాది మేం చూసుకుంటాం.

అంతే. కింద సంతకం చేసింది ఎవరో, గోదాములో ఫోను ఎత్తేది ఎవరో పేరూ నంబరూ ఉంటే చాలు.

విషయం వరుసలోనే కబురంతా చెప్పేశాం. ఆర్మూర్‌లో మండపం దగ్గర నిలబడి ఫోను చూసుకునే కుర్రాడు మెయిల్ తెరవకపోయినా అతనికి కావలసిన రెండు మాటలు కనిపిస్తాయి: ఎప్పుడొస్తుంది, వద్దంటే ఏమవుతుంది. ‘మీ ఆర్డర్‌పై ముఖ్య సమాచారం’ అని పెడితే అది ప్రకటనల కుప్పలో కలిసిపోతుంది.

ఇక అసలు పట్టు ‘వ్యవధి పెట్టుకోలేదు’ అన్న వాక్యంలో ఉంది. వాన ఓనరు తప్పు కాదు, దానికి క్షమాపణ అడగలేదు కూడా. రోడ్డు తెగకపోయినా టోల్ దగ్గర జామ్ అయితే చాలు, ఆ మాట తప్పేది. ఆర్డర్లు ఎప్పుడు ఆపాలో నిర్ణయించింది అతనే. వానను సాక్షిగా రెండో పేరాలో నిలబెట్టారు గానీ ముద్దాయిని చేయలేదు. అయిదు వేల సర్వర్ల మాట పక్కనే ‘సిద్ధం కాలేదు’ అన్న ఒప్పుకోలు ఉన్నట్టే ఇదీ.

సెప్టెంబర్ 1 అన్న తేదీ ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. బండి 29 సాయంత్రానికి ఆర్మూర్ చేరొచ్చు, 30న పంచొచ్చు. అయినా ఉత్తరంలో 30 రాయలేదు. చుట్టుదారిలో మళ్ళించిన బళ్ళన్నీ ఉంటాయి, హబ్‌లో పేరుకున్న పాత పార్సిళ్ళు ముందు కదలాలి, మధ్యలో ఆదివారం ఉంది. మొదటి మాట తప్పినవాడు రెండోసారి తొందరపడి మాటిస్తే, ఈసారి తప్పితే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఒకరోజు ముందే అందితే ఎవరూ నొచ్చుకోరు.

దీనికి గట్టి ఆధారమే ఉంది. బాసిల్ హాల్‌పెరిన్, బెంజమిన్ హో, జాన్ లిస్ట్, ఇయాన్ ముయిర్ అనే నలుగురు ఆర్థికవేత్తలు ఉబర్‌లో ప్రయాణం ఆలస్యమైనవాళ్ళ మీద, దాదాపు పదిహేను లక్షల మందితో, పెద్ద పరీక్ష చేశారు. కొందరికి ఏమీ పంపలేదు, కొందరికి వట్టి క్షమాపణ మెయిల్, కొందరికి దానితోపాటు అయిదు డాలర్ల కూపన్ పంపారు. తర్వాత వాళ్ళు ఉబర్‌లో ఎంత ఖర్చుపెట్టారో చూశారు. వట్టి మాటలు పెద్దగా ఏమీ మార్చలేదు. డబ్బు ముట్టిన క్షమాపణ పనిచేసింది. మళ్ళీ మళ్ళీ ఆలస్యమై మళ్ళీ మళ్ళీ క్షమాపణ అందుకున్నవాళ్ళు మాత్రం అసలేమీ అందనివాళ్ళకంటే ఎక్కువ దూరమయ్యారు. క్షమాపణలోనే ఇకమీద ఇలా జరగదన్న హామీ దాగి ఉంటుంది, అది తప్పితే అంతకుముందు కంటే ఎక్కువ మండుతుంది.

మన ఉత్తరంలో కూపన్ బదులు డబ్బే వెనక్కి ఇచ్చాం, మొత్తం చిన్నదే అయినా. పండగకు సరుకు అందనివాడి చేతిలో ‘తర్వాతి ఆర్డరుపై తగ్గింపు’ పెడితే, మళ్ళీ నా దగ్గరే కొను అన్నట్టుంటుంది. కూపన్ ఇవ్వాలనుకుంటే పార్సిల్ ఇంటికి చేరాక ఇవ్వాలి. అప్పుడది కానుక అవుతుంది.

ఇంకో పొరపాటు ఉత్తరంలో కనిపించదు, ఇన్‌బాక్స్‌లో కనిపిస్తుంది. వారం క్రితమే పెట్టి ఉంచిన ప్రకటన మెయిల్ తన టైముకు తాను వెళ్ళిపోతుంది, ‘చవితి శుభాకాంక్షలు, నిమజ్జనం దాకా బల్బులపై సగం ధర’ అని. క్షమాపణ మెయిల్ పైన అది వచ్చి కూర్చుంటే కింద ఎంత బాగా రాసినా వృథా. కాబట్టి క్షమాపణ పంపే ముందు ఆ నూట నలభై మందిని ప్రచార జాబితా నుంచి తీసేయాలి, పార్సిల్ చేరిందని స్కాన్ పడేదాకా మళ్ళీ కలపకూడదు. పంపే మెయిల్ అడ్రసు కూడా చూసుకోవాలి. జవాబులు చేరని అడ్రసు నుంచి పంపి ‘వద్దు’ అని రాయమంటే ఆ జవాబు ఎటూ పోదు.

చివరగా, ఈ నూట నలభైలో చాలామంది డబ్బు ముందుగా కట్టి ఉండరు, సరుకు అందాక ఇచ్చే రకం. వాళ్ళకు వెనక్కి పంపడానికి ఖాతా లేదు, ఆర్డరు పెట్టేటప్పుడు ఇచ్చిన ఈమెయిల్ కూడా తమ్ముడిదో ఊళ్ళో మీసేవ నడిపే అతనిదో అయి ఉంటుంది. వాళ్ళ ఉత్తరంలో డెలివరీ ఛార్జీని బిల్లులోంచి తీసేశామని, పార్సిల్ తెచ్చిన కుర్రాడికి ఇవ్వాల్సిన కొత్త మొత్తం ఇంతని రాయాలి. ఆ మొత్తాన్ని హబ్‌లోని కుర్రాడి ఫోనులో కూడా మార్పించాలి. లేకపోతే గుమ్మం దగ్గర అతను పాత రేటే అడుగుతాడు. మార్పించాక మెయిల్‌తో ఆగకుండా ఒక్కొక్కరికీ ఫోను చేయాలి. ‘అన్నా, మీ బల్బుల బండి కామారెడ్డికి ఇవతలే ఆగింది, సోమవారానికి గానీ రాదు, ఉంచమంటారా, తీసేయమంటారా’ అని అడగడానికి నిమిషం చాలు. అరవై మందయితే సాయంత్రం పొద్దుపోయేలోపు అయిపోతుంది. ఎత్తనివాళ్ళకు మర్నాడు ఉదయం ఇంకోసారి చేయాలి.